అద్దాల తొట్టి, అన్నయ్య చేతులు

సత్తెనపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పే రోజుల్లో మా ఇంటి ముందుగదిలో చేపల తొట్టి పెట్టాను. రెండు వేల ఒకటో, రెండో. ఆ తొట్టి గురించి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చాలా చెప్పాను. దాని మూలంగా మా అన్నయ్యను నేనన్న మాట గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

తొట్టి ఎందుకు పెట్టానంటే, గొప్పకు. అప్పట్లో మా ఊళ్లో ఒక డాక్టరు గారి ఆసుపత్రి హాల్లో తప్ప ఇంకెక్కడా అలాంటిది లేదు. రోగులు తమ రోగం మర్చిపోయి దాని ముందు నిలబడేవాళ్లు. మా ఇంటికి వచ్చినవాళ్లు కూడా అలా నిలబడాలని నాకు కోరిక పుట్టింది. పత్తి, మిరప పండించే ఇంట్లోంచి వచ్చినవాణ్ణి. మెళ్లో కండువా తీసేసి టై కట్టుకున్నంత మాత్రాన ఆ సంగతి జనం మర్చిపోరని నా బాధ. అది బాధపడాల్సిన సంగతి కాదని అప్పటికి నాకు తెలియదు.

అన్నయ్య నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. సత్తెనపల్లికి ఆరేడు మైళ్ల దూరంలో మా ఊళ్లోనే ఉండి సేద్యం చేసేవాడు. పురుగుమందుల కొట్టుకో, స్ప్రేయరు బాగు చేయించడానికో వారానికి ఒకసారైనా టౌనుకు వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో కాఫీ తాగి వెళ్లేవాడు. అప్పటికి మా పాపకు ఏడాది నిండింది. నేను పెట్టినా, వాళ్లమ్మ పెట్టినా మొహం తిప్పుకునే పిల్ల, అన్నయ్య పెరుగన్నం మెదిపి ముద్ద చేస్తే నోరు తెరిచేది. ఆయన వస్తున్నాడంటే మా ఆవిడ పాప అన్నం గిన్నె సిద్ధం చేసి పెట్టుకునేది. "బావగారు వచ్చిన రోజే ఈ పిల్ల కడుపు నిండేది" అనేది.

అన్నయ్య స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకునే వచ్చేవాడు. అయినా మందు కొట్టే రోజుల్లో ఆ వాసన ఎక్కడో ఒక చోట ఉండేది. పత్తి చేలల్లో తిరిగినవాళ్లకు ఆ వాసన చెప్పక్కర్లేదు. నేను అందులోనే పుట్టి పెరిగాను. కాలేజీలో చేరాకే అది నాకు పడకుండా పోయింది. తోటి లెక్చరర్లు ఇంట్లో ఉన్నప్పుడు అన్నయ్య వస్తే కిటికీ రెక్కలు తెరిచేవాణ్ణి. ఆయన గమనించాడో లేదో నాకు తెలియదు.

తొట్టి చేసింది బస్టాండు దగ్గర ఫోటోలకు ఫ్రేములు కట్టే భాయ్. అద్దం కోయడంలో మంచి పనివాడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు కొలత ఇస్తే, అంచులకు జిగురు పట్టించి మూడు రోజుల్లో చేసి ఇచ్చాడు. ఆయన కొట్లో వెనక గోడకు ఆనించి సొంత తొట్టి ఒకటి ఉండేది, అందులోంచి చేపలు కూడా అమ్మేవాడు. ఆకుపచ్చగా పాచి పట్టి, అడుగున మురికితో ఉండేది గాని చేపలు మాత్రం నిగనిగలాడుతుండేవి.

"మాస్టారూ, తొందరపడి చేపలు వెయ్యమాకండి," అన్నాడు. "కుళాయి నీళ్లు రెండు రోజులు డ్రమ్ములో ఉంచి, బ్లీచింగు వాసన పోయాక పొయ్యండి. గాలి మోటారు పెట్టి స్పాంజి ఫిల్టరు ఆడించండి. రెండంటే రెండు చేపలు వెయ్యండి. నెలా నెలన్నర ఆగి ఇంకో రెండు. నీళ్లు ముదరాలి."

నీళ్లు ముదరడమేమిటని నవ్వొచ్చింది. ఆయన ఆగకుండా తన తొట్టిలో చెయ్యి పెట్టి, ఫిల్టరుకున్న నల్లటి స్పాంజి ముక్క ఒకటి తీసి, తడి తడిగానే ప్లాస్టిక్ కవరులో వేసి నా చేతిలో పెట్టాడు.

"దీన్ని మీ ఫిల్టరు పక్కన పెట్టండి. కడగమాకండి. మురికి అనుకునేరు, చేపల్ని బతికించేది అదే."

ఎమ్మెస్సీ బోటనీ చదివిన నాకు, పదో తరగతి కూడా దాటని మనిషి మురికి స్పాంజి ఇచ్చి పాఠం చెప్పాడు. అలాగేనని తలూపి, మలుపు తిరగ్గానే ఆ కవరు కాలవలో పడేశాను. రెండు చేపలే వెయ్యమన్నాడని ఆయన దగ్గర చేపలు కూడా కొనలేదు. గుంటూరులో ఏదో పనుంటే వెళ్లి, అక్కడి కొట్లో ఎనిమిది గోల్డ్ ఫిష్‌లు గాలి నింపిన కవర్లో తెచ్చుకున్నాను. బస్సులో ఆ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కవాళ్లందరూ చూస్తుంటే ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను.

శుక్రవారం సాయంత్రం చేపలు వేశాను. "ఆయన రెండే వెయ్యమన్నాడుగా?" అంది మా ఆవిడ. "కొట్టువాళ్లకేం తెలుసు," అన్నాను. కంకర నాలుగు సార్లు కడిగాను. నీళ్లు రెండు రోజులు డ్రమ్ములో ఉంచాను, ఆ మాట మాత్రం విన్నాను. ట్యూబులైటు వేస్తే నీళ్లు ఉన్నాయా లేవా అన్నంత తేటగా ఉన్నాయి. ఆ తేటదనం చూసే మోసపోయాను. శని, ఆది వారాల్లో చుట్టుపక్కల ఇళ్లవాళ్లందరూ వచ్చి చూశారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ చేపలు తినడం చూపించాలి కాబట్టి రోజుకు నాలుగైదు సార్లు మేత వేశాను. తినగా మిగిలింది కంకర సందుల్లోకి దిగింది.

మంగళవారం అన్నయ్య వచ్చాడు. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని తొట్టి ముందు నేల మీద చతికిలబడ్డాడు.

"ఒరేయ్, ఇయ్యి కరుస్తయ్యా?" అని, నేను జవాబు చెప్పే లోపే నీళ్లలో చెయ్యి పెట్టాడు. చేపలు మేత అనుకుని వచ్చి ఆయన వేళ్ల కొసలు చప్పరించాయి. చక్కిలిగింతలు పుట్టి ఆయన నవ్వితే, ఆయన్ని చూసి పాప నవ్వింది. వాళ్లిద్దరూ అలా చాలాసేపు నవ్వుకున్నారు. నేను మాత్రం ఆయన గోళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

గురువారం సాయంత్రానికి చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మొప్పలు ఎర్రబడ్డాయి. శుక్రవారం రెండు అడుగున పక్కకు వాలి పడుకున్నాయి. శనివారానికి నాలుగు చచ్చాయి, ఆదివారం పొద్దున ఇంకో రెండు. మా వైపు కోడి చచ్చినా, కుక్క చచ్చినా, మనిషి పోయినా ముందు అడిగే ప్రశ్న ఒక్కటే, ఎక్కడన్నా మందు తగిలిందా అని. పత్తి నేల మీద పుట్టినవాడికి వేరే అనుమానం రాదు. నాకూ రాలేదు. మంగళవారం నీళ్లలో మునిగిన చెయ్యి గుర్తొచ్చింది.

ఆ ఆదివారమే అన్నయ్య గోతాంలో దోసకాయలు వేసుకుని వచ్చాడు. పక్కింటివాళ్లు, మా కాలేజీ కెమిస్ట్రీ లెక్చరరు చేపలు చూద్దామని అప్పటికే వచ్చి ముందుగదిలో కూర్చుని ఉన్నారు. చూడ్డానికి చచ్చిన చేపలే ఉన్నాయి. వాళ్ల ముందు నా పరువు పోయిందని లోపల ఉడికిపోతున్నాను. అన్నయ్య లోపలికి వస్తూనే అలవాటుగా పాపను ఎత్తుకున్నాడు.

"ఏరా, మొహం అట్లా ఉందేంటి?" అన్నాడు.

"పొద్దున్నే చేలో మందు కలిపిన చేతులు తెచ్చి నీళ్లలో ముంచావుగా, ఎట్లా ఉంటది మొహం?" అన్నాను. "పురుగుల్ని చంపినట్టు చంపావు."

ఆయన తొట్టి వైపు చూశాడు. "చేతులు కడుక్కునే వచ్చా కదరా."

"కడిగితే పోయేదైతే దాన్ని మందని ఎందుకంటారు?"

అక్కడితో ఆపి ఉంటే కాలేజీ మాస్టారి కోపమని నలుగురూ సర్దుకునేవాళ్లు. నేను ఆపలేదు. "ఆ చేతుల్తోనే పిల్లకి అన్నం పెడుతున్నావు," అన్నాను.

మా ఆవిడ "ఏమండీ!" అంది గట్టిగా. అన్నయ్య పాపను మెల్లగా కింద దించాడు. దించేటప్పుడు కూడా అరిచేతులు తగలకుండా మణికట్ల మీద ఆనించి దించాడు. అది నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. దోసకాయల గోతాం గుమ్మంలో వదిలి, కాఫీ కలుపుతున్నానని మా ఆవిడ అంటున్నా వినకుండా వెళ్లిపోయాడు.

మిగిలిన రెండు చేపలు కూడా పోయాయి. మందు చుక్క మిగలకూడదని తొట్టి వేడి నీళ్లతో తోమాను. కంకర ఉడకబెట్టాను. స్పాంజిని కుళాయి కింద పెట్టి సబ్బుతో పిండి పిండి తెల్లగా చేశాను. రెండు రోజులు నిలవ ఉంచిన కొత్త నీళ్లు పోసి, గుంటూరు నుంచి ఇంకో ఆరు చేపలు తెచ్చాను. ఈసారి మా ఆవిడని కూడా తొట్టిలో వేలు పెట్టనివ్వలేదు. అన్నయ్య ఆ రెండు వారాల్లో మా గడప తొక్కలేదు.

ఎనిమిదో రోజుకు కొత్త చేపలూ పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. మొప్పలు అదే ఎరుపు.

ఆ వారమే కాలేజీలో నైట్రోజన్ వలయం పాఠం. ఏడేళ్లుగా చెబుతున్నాను కాబట్టి పుస్తకం కూడా తెరవక్కర్లేదు. బోర్డు మీద గుండ్రంగా బాణాలు గీశాను. కుళ్లిన పదార్థం నుంచీ జంతువుల విసర్జన నుంచీ అమ్మోనియా. నైట్రోసోమోనాస్ అనే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రోబాక్టర్ ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొక్క నైట్రేట్‌ను తీసుకుంటుంది. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, "సార్, నేలలో ఆ బాక్టీరియా లేకపోతే ఏమవుద్ది సార్?" అని అడిగింది.

"ఏమవుతుంది, అమ్మోనియా అలాగే పేరుకుపోతుంది," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక బోర్డు వైపు తిరిగి నేను గీసిన బాణాలు చూసుకున్నాను. పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు. మిగతా పీరియడ్ ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లి తొట్టి నీళ్లు ఒక సీసాలో, డ్రమ్ము నీళ్లు ఇంకో సీసాలో పట్టుకుని కెమిస్ట్రీ ల్యాబుకు వెళ్లాను. పిల్లల ప్రాక్టికల్స్‌లో అమ్మోనియాను గుర్తు పట్టడానికి వాడే నెస్లర్ ద్రావణం అక్కడ ఉంటుంది. ఆ కెమిస్ట్రీ లెక్చరరు రెండు పరీక్షనాళికల్లో నీళ్లు పోసి నాలుగేసి చుక్కలు వేశాడు. డ్రమ్ము నీళ్లు కొంచెం మసకబారాయంతే, రంగు రాలేదు. తొట్టి నీళ్లు పసుపు కలిపినట్టయి, చూస్తుండగానే ఇటుక రంగుకు తిరిగాయి.

"ఇందులో యూరియా గాని పోశారా ఏంటి మాస్టారూ?" అన్నాడు ఆయన. తర్వాత కాసేపు ఆలోచించి, "మీ అన్నగారు చెయ్యి పెట్టింది మంగళవారం అన్నారు కదూ? మందే అయితే ఆ పూటే చచ్చేవి. గురువారం దాకా ఆగవు," అన్నాడు.

ఆ మాట నాకు తట్టి ఉండాల్సింది. ఆయన ఆ ఆదివారం మా గదిలో కూర్చుని అంతా విన్నవాడు. నేను ఆయనతో అన్న మొదటి మాట, "ఈ సంగతి ఎవరితోనూ అనకండి." నాకు ముందు తోచింది అన్నయ్య కాదు, స్టాఫ్ రూము.

జరిగింది చాలా చిన్న విషయం. చేప ఊపిరి తీసే మొప్పల గుండానే అమ్మోనియా వదులుతుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లి ఇంకొంత అమ్మోనియా అవుతుంది. ఏటిలోనో చెరువులోనో దాన్ని మార్చే బాక్టీరియా రాళ్లకూ మట్టికీ పట్టుకుని ఉంటుంది. కొత్త తొట్టిలో అది ఉండదు. గాలిలోంచీ నీళ్లలోంచీ నాలుగు వచ్చి చేరినా, పెరగడానికి నెల పైనే పడుతుంది. ఈ లోపల ఎనిమిది చేపలు వదిలిన అమ్మోనియాకు పోయే దారి లేదు. అది వాటి మొప్పలనే కాలుస్తుంది. మా వైపు నీళ్లు చవుడు, క్షారం ఎక్కువ. అలాంటి నీళ్లలో అమ్మోనియా విషం ఇంకా ఎక్కువ. కంటికి కనపడదు, అద్దంలా తేటగా ఉన్న నీళ్లలోనే ఉంటుంది. భాయ్ నీళ్లు ముదరాలన్నది దీన్నే. నేను కాలవలో పారేసిన నల్లటి స్పాంజి నిండా ఉన్నది ఆ బాక్టీరియానే. వారం పది రోజుల్లో నా ఫిల్టరుకు పట్టిన నాలుగింటినీ సబ్బు పెట్టి కడిగేసింది కూడా నేనే. అన్నయ్య చేతుల సంగతి సరే, నా చేతులు మాత్రం రెండు సార్లు చంపాయి.

సిగ్గు చంపుకుని భాయ్ కొట్టుకు వెళ్లాను. "నేనిచ్చిన ముక్క ఏం చేశారు?" అన్నాడు.

"పారేశాను."

"అందరూ పారేస్తారు లెండి," అని ఇంకో ముక్క ఇచ్చాడు. ఎగతాళి లేదు, కోపం లేదు. తప్పు ఒప్పుకోవడం అంత సులువుగా అయిపోతుందని ఆ కొట్లో నాకు తెలిసింది. అదే పని మా ఊరు వెళ్లి చెయ్యడానికి మాత్రం కాళ్లు రాలేదు.

అప్పటికి మూడు చేపలు బతికున్నాయి. రోజూ మూడో వంతు నీళ్లు తీసి, డ్రమ్ము నీళ్లు పోశాను. రోజు విడిచి రోజు చిటికెడు మేత. స్పాంజిని కడగాల్సి వస్తే కుళాయి నీళ్లతో కాక, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే ముంచి పిండడం నేర్చుకున్నాను. రోజూ సీసాతో ల్యాబుకు వెళ్లేవాణ్ణి. ఇటుక రంగు పసుపయింది, పసుపు పలచబడింది. అది తగ్గుతుంటే నైట్రైట్ పెరిగింది. అదీ చేపకు విషమే, రక్తం ప్రాణవాయువు మొయ్యలేకుండా చేస్తుంది. రెండో రకం బాక్టీరియా పెరిగాక అదీ తగ్గిపోయింది. చివరికి మిగిలేది నైట్రేట్. దాన్ని చేపలు చాలావరకు ఓర్చుకుంటాయి, వారానికోసారి పావు వంతు నీళ్లు మారిస్తే సరిపోతుంది. నెలన్నరకు తొట్టి నిలదొక్కుకుంది. అద్దానికి పాచి పట్టింది. ఆ మూడు చేపలూ అరచెయ్యంత పెరిగాయి.

అన్నయ్య నెల తర్వాత మళ్లీ రావడం మొదలుపెట్టాడు. మనసులో పెట్టుకునే మనిషి కాదు. ఏదైనా అంటాడేమో, అంటే అప్పుడు చెప్పేద్దామని నేను ఎదురు చూశాను. ఆయన ఏమీ అనలేదు. వరండా దాటి మాత్రం లోపలికి రాలేదు. కాఫీ అక్కడే తాగేవాడు. పాప పాకుతూ, తర్వాత తప్పటడుగులు వేస్తూ ఆయన దగ్గరకు వెళితే రెండు చేతులూ పైకెత్తి, "వద్దమ్మా, చేతులకి మందుంది," అనేవాడు. అరటిపళ్లు తెస్తే పిట్టగోడ మీద పెట్టేవాడు. పిల్ల మొదట్లో ఏడ్చేది. కొన్నాళ్లకు ఏడవడం మానేసింది.

ఒకసారి గుమ్మంలోంచే మెడ చాచి తొట్టి వైపు చూసి, "బాగా ఎదిగినయ్యిరా. చూశావా, ఎవుడూ చెయ్యి పెట్టకపోతే ఎంత బాగుంటయ్యో," అన్నాడు. దెప్పిపొడుపు కాదు. నిజంగా సంతోషపడే అన్నాడు. నా తొట్టి బాగుపడే కొద్దీ తన చేతుల్లో విషం ఉందని ఆయనకు రుజువవుతోంది. నేను "ఊఁ" అన్నాను. ఆ "ఊఁ" తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఎందుకు చెప్పలేదు? పాఠం చెప్పేవాడికే పాఠం తెలియలేదని బయటపడాలి, అదొకటి. చేపల మాట వెనక్కి తీసుకుంటే పిల్ల అన్నం మాట కూడా వెనక్కి తీసుకోవాలి, అది రెండోది. మొదటి వారం చెప్పనిది రెండో వారం ఇంకా కష్టమైంది. ఆర్నెల్లయ్యాక, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే ఏమనాలన్నది కొత్త బెడద. మా ఆవిడ రెండు సార్లు, "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది. "నేనే చెప్తాను, నువ్వు కలగజేసుకోకు" అని కసిరాను. మూడోసారి ఆవిడ అడగలేదు. ఆ తర్వాత తొట్టి వైపు చూడ్డం కూడా మానేసింది.

ఇంకో బాధ, అన్నయ్యకు విడమరిచి చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. యూరియా చల్లిన మర్నాడే చేను పచ్చబడదని, నేల దాన్ని మార్చి మొక్కకు అందించడానికి కొన్ని రోజులు పడుతుందని ఆయనకు తెలుసు. నాకు పుస్తకంలో తెలిసింది ఆయనకు చేలో తెలుసు.

రెండేళ్లు గడిచాయి. నవంబరులో ఒక ఆదివారం మేం ముగ్గురం మా ఊరు వెళ్లాం. పత్తి తీతలు జరుగుతున్నాయి, వరండా నిండా పత్తి రాశి పోసి ఉంది. మిరపకు ఇంకా మందు కొడుతున్నారు. మధ్యాహ్నం అందరం భోజనాలకు కూర్చుంటే అన్నయ్య కంచంలో స్పూను ఉంది. పప్పన్నం స్పూనుతో కలుపుకుని తింటున్నాడు.

"ఏంటన్నయ్యా, కొత్త అలవాట్లు?" అని నవ్వాను. ఆయనా నవ్వి ఊరుకున్నాడు. తిని, కంచం కడగడానికి లేచి వెళ్లాక వదిన మజ్జిగ పోస్తూ గొంతు తగ్గించి చెప్పింది.

"కొత్తేం కాదయ్యా, రెండేళ్లయింది. మందు కొట్టే నాళ్లంతా చేత్తో తినడు. బర్రెదూడని నిమరడు. నాకు జొరమొస్తే నుదుటి మీద చెయ్యేసి చూడలేదు. 'నా చేతుల్లో ఏదో ఉందే, కడిగినా పోదే' అంటాడు. మీ ఇంట్లో చేపలు చచ్చిన కాణ్ణుంచీ ఇంతే."

మా ఆవిడ నా వైపు చూడలేదు, తన కంచంలోకే చూస్తూ ఉండిపోయింది. మందు చల్లేవాడు జాగ్రత్తగా ఉండటం మంచిదే, దాన్ని నేను తప్పనడం లేదు. నేను ఆయన్ని తన చేతులను తానే చూసుకుని భయపడే మనిషిని చేశాను. అది జాగ్రత్త కాదు.

వరండాలో పత్తి రాశి పక్కన కూర్చుని అన్నయ్య ఎండుటాకు ముక్కలు ఏరుతున్నాడు. పక్కన కూర్చున్నాను. నేనూ ఏరుతూ, తల ఎత్తకుండా అంతా చెప్పాను. కొత్త తొట్టి, అమ్మోనియా, స్పాంజి పారెయ్యడం, రెండోసారి ఆయన రాకుండానే చేపలు చావడం.

"అంటే చేప ఉచ్చే చేపని చంపిందా?" అన్నాడు.

"అంతే. దాన్ని మార్చే పురుగు నీళ్లలో ఇంకా పుట్టలేదు. యూరియా లాంటిదే అనుకో."

"అది తెలుసులే." పత్తిలోంచి ఇంకో ఆకు ముక్క తీశాడు. "మరి నా చెయ్యి?"

"నీ చేతికీ దానికీ ఏ సంబంధం లేదన్నయ్యా. తప్పు నాది. ఆ రోజు అట్లా అనకూడదు."

ఆయన ఏరడం ఆపాడు. "ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. నిన్న మొన్ననే అని చెప్పొచ్చు. "అప్పుడే," అన్నాను. "నిన్నన్న ఇరవై రోజులకే."

ఆయన తిట్టలేదు. తిడతాడని, తిడితే బరువు దిగుతుందని నేను ఆశపడ్డాను. చేతిలో ఉన్న పత్తి గుల్ల రాశిలో వేసి, లేచి బోరింగు దగ్గరకు వెళ్లాడు. సబ్బు అడిగి తెప్పించుకుని మోచేతుల దాకా రుద్ది కడిగాడు. కండువాతో వేళ్ల సందులు కూడా తుడుచుకున్నాడు. పాప పత్తి రాశికి అటు పక్క ఆడుకుంటోంది, అప్పటికి మూడేళ్లు దాటాయి. ఆయన పాప ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతులూ చాపి, "రా అమ్మా," అన్నాడు.

పాప ఒక అడుగు వెనక్కి వేసి, తన చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుంది.

"వద్దు పెదనాన్నా," అంది ఎంతో బుద్ధిగా. "చేతులకి మందుంది."

అన్నయ్య చేతులు వెంటనే దించలేదు. కాసేపు అలాగే ఉంచి, "అవునమ్మా, మర్చిపోయా" అని మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. పాప నేర్చుకున్నది ఆయన మాటే. ఆయనకు ఆ మాట నేర్పింది నేను.